మెయిలుకు గొంతు లేదు

ఇలాంటి మెయిల్ ఒకటి ఊహించుకుందాం. శుక్రవారం సాయంత్రానికి రావలసిన రిపోర్టు సోమవారం పొద్దున వచ్చింది. హైదరాబాద్ ఆఫీసులోని టీం లీడ్ దాన్ని తెరిచి చూసి, విశాఖలో ఉన్న ఇంజనీరుకు జవాబు రాశాడు. "మొత్తానికి రిపోర్టు అందింది. మీ స్పీడుకు జోహార్లు! ఇంత తొందరేముంది, సంక్రాంతికి ఇచ్చినా సరిపోయేది." ఇద్దరికీ నాలుగేళ్ల పరిచయం. విశాఖ నుంచి వచ్చినప్పుడల్లా కలిసి టీ తాగుతారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. అదే చనువుతో రాసి, అలవాటు ప్రకారం మేనేజరును కూడా సీసీలో ఉంచి పంపేశాడు.

విశాఖలోని ఇంజనీరుకు డేటా వేరే టీం నుంచి శనివారం రాత్రి అందింది. ఆదివారం ఇంట్లోవాళ్లతో వెళ్లాల్సిన పెళ్లి మానుకుని కూర్చుని రిపోర్టు పూర్తిచేశాడు. సోమవారం ఆ మెయిల్ తెరిచినప్పుడు అతనికి టీ కొట్టు దగ్గరి స్నేహితుడు గుర్తుకు రాలేదు. సీసీలో ఉన్న మేనేజరు పేరు కనిపించింది. 'అందరి ముందూ నన్ను దెప్పిపొడిచాడు' అనుకున్నాడు. మేనేజరుకు మాత్రం వీళ్లిద్దరికీ మధ్య ఏదో గొడవ నడుస్తోందని అనిపించింది. రాసినవాడికి ఈ రెండూ తెలియవు. నవ్వించానన్న తృప్తితో అతను తర్వాతి పనిలో పడ్డాడు.

ముగ్గురూ చదివింది ఒకే మూడు వాక్యాలు. ఇక్కడ ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, ఎవరికీ భాష రాక కాదు. మరి లోపం ఎక్కడుంది?

రాసినవాడికి మాత్రమే వినిపించే పాట

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక చిన్న ప్రయోగం చేసింది. కొందరిని అందరికీ తెలిసిన పాటలు తలచుకుని, ఆ వరసను బల్ల మీద వేళ్లతో కొట్టమంది. ఎదుట కూర్చున్నవాళ్లు పాటేమిటో చెప్పాలి. సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. 120 పాటలు కొడితే విన్నవాళ్లు గుర్తుపట్టినవి మూడే. కొట్టేవాడి తలలో పాట మొత్తం వాయిద్యాలతో సహా మోగుతూ ఉంటుంది. వినేవాడికి చేరేది టకటక శబ్దమే. తన తలలో మోగుతున్నది ఎదుటివాడికి వినిపించడం లేదన్న సంగతి కొట్టేవాడు ఎంత ప్రయత్నించినా మనసుకు తెచ్చుకోలేడు.

మెయిల్లో వెటకారానికి జరిగేదీ ఇదే అని 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు ప్రయోగం చేసి చూపించారు. విద్యార్థుల చేత కొన్ని వాక్యాలు మనస్ఫూర్తిగా, కొన్ని వెటకారంగా చెప్పించారు. కొందరు వాటిని మెయిల్లో పంపారు, కొందరు గొంతుతో వినిపించారు. ఏది వెటకారమో, ఏది నిజమో అవతలివాళ్లు తేల్చాలి. పంపినవాళ్లు ఎలా చెప్పినా తమ ఉద్దేశం నూటికి 78 సార్లు సరిగ్గా అందుతుందనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు అంచనా ఇంచుమించు నిలబడింది. మెయిల్లో మాత్రం 56 సార్లే అందింది. చదవకుండా బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 సార్లు సరిపోతుంది కాబట్టి, మెయిల్ వల్ల కలిసొచ్చింది చాలా కొంచెం.

ఇందులో మనం గట్టిగా పట్టుకోవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, చదివినవాళ్లు కూడా తాము సరిగ్గానే అర్థం చేసుకున్నామన్న ధీమాతో ఉన్నారు. అంటే 'ఏమో, వేళాకోళానికి అన్నాడేమో, అడిగి చూద్దాం' అన్న సందేహం పుట్టదు. అపార్థం అపార్థంలా కనబడదు, అర్థంలాగే కనబడుతుంది. రెండోది, స్నేహితులు కూడా అపరిచితుల కంటే మెరుగ్గా ఏమీ గుర్తుపట్టలేకపోయారు. 'వాడు నన్ను అర్థం చేసుకుంటాడులే' అన్న నమ్మకమే మన టీం లీడ్‌ను ఆ మెయిల్ రాయించింది. ఆ నమ్మకానికి మెయిల్లో ఆధారం లేదు.

మన వెటకారమంతా రాగంలోనే

తెలుగువారి సంభాషణలో వెటకారానికి పెద్ద చోటుంది. గోదావరి జిల్లాలవారి వెటకారానికైతే రెండు రాష్ట్రాల్లోనూ పేరుంది. అది పనిచేసే తీరు గమనించండి. "అబ్బో, బాగానే ఉందండీ" అన్న మాటలో 'బా'ను ఎంతసేపు సాగదీశారు, 'అండీ' దగ్గర గొంతు పైకి లేచిందా కిందికి దిగిందా, కళ్లు ఎటు తిరిగాయి అన్నదాన్ని బట్టే అది మెచ్చుకోలో వెక్కిరింపో తెలుస్తుంది. మాటలు రెండింటికీ ఒకటే. తేడా అంతా రాగంలో ఉంది. ఆ రాగాన్ని తీసేసి అక్షరాలు మాత్రమే మిగిల్చితే, మెచ్చుకోలూ వెక్కిరింపూ ఒకే వాక్యంగా మారిపోతాయి.

ఎదురుగా ఉన్నప్పుడు మరో రక్షణ ఉంటుంది. మాట అనగానే అవతలివాడి ముఖం చూస్తాం. అది కాస్త ముడుచుకుంటే చాలు, "ఊరికే అన్నాన్లే, మనసులో పెట్టుకోకు" అని వెంటనే సర్దేస్తాం. వెటకారం నలుగురిలో చెల్లుబాటు కావడానికి సగం కారణం ఈ సర్దుబాటే. మెయిల్ పంపినవాడికి చదివేవాడి ముఖం కనబడదు, ఎప్పుడు చదువుతాడో తెలియదు. సర్దిచెప్పవలసిన ఘడియ అతనికి తెలియకుండానే దాటిపోతుంది.

దీనికి తోడు మన ఆఫీసుల్లో ఎక్కువ మెయిళ్లు ఇంగ్లీషులో నడుస్తాయి. తెలుగులో ఆలోచించిన చురక ఇంగ్లీషులోకి వెళ్లేసరికి దానికి ముందూ వెనకా ఉండే 'అన్నా', 'గురూ', 'ఏంటి స్వామీ' లాంటి చనువు మాటలన్నీ రాలిపోతాయి. అవే కదా 'ఇది ఆటపట్టింపు, తిట్టు కాదు' అని చెప్పే గుర్తులు. అవి పోయాక మిగిలేది చురక ఒక్కటే. పుణేలోనో న్యూజెర్సీలోనో దాన్ని చదివే సహోద్యోగికి ఆ గుర్తులు ఎన్నడూ తెలియవు.

చదివేవాడి కుర్చీలోంచి

మెయిల్లో భావం ఎలా దారి తప్పుతుందో 2008లో క్రిస్టిన్ బైరన్ అనే మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు ఒక వ్యాసంలో విశ్లేషించారు. ఆమె చెప్పింది స్థూలంగా ఇది: ఆప్యాయంగా రాసిన మెయిల్, చదివేవారికి కాస్త చప్పగా అనిపిస్తుంది; మామూలుగా రాసింది కాస్త చేదుగా అనిపిస్తుంది. అంటే మనం పెట్టిన వెచ్చదనంలో కొంత దారిలోనే తరిగిపోతుంది. వెటకారం మొదలయ్యేదే మాటలో చేదు పెట్టి, గొంతులో తీపి కలిపి. తీపి దారిలో పోయి, చేదు మాత్రం చెక్కు చెదరకుండా చేరుతుంది.

పైనుంచి కిందికి వెళ్లే మెయిల్లో ఈ కష్టం ఇంకా ఎక్కువ. తోటి ఉద్యోగి ఆటపట్టిస్తే తిరిగి ఆటపట్టించవచ్చు. అప్రైజల్ రాసే మనిషి ఆటపట్టిస్తే కిందివాడికి నవ్వడం తప్ప దారి లేదు. ఆ నవ్వు చూసి పైవాడు తన హాస్యం పండిందనుకుంటాడు. అందుకే పదవి పెరిగేకొద్దీ మెయిల్లో వెటకారాన్ని తగ్గించుకోవలసిన బాధ్యత పెరుగుతుంది.

మాటకు లేని ఆయుష్షు కూడా మెయిలుకు ఉంటుంది. టీ కొట్టు దగ్గర అన్నమాట సాయంత్రానికి మరుగునపడుతుంది. మెయిల్ అలా కాదు. అది ఫార్వర్డ్ అవుతుంది, పాత గొలుసు కింద వేలాడుతూ క్లయింట్ దాకా వెళ్తుంది, ఆరు నెలల తర్వాత ఏదో ఫిర్యాదు మీద హెచ్‌ఆర్‌వారు వెతికితే బయటికొస్తుంది. అప్పుడు చదివేవారికి మీ స్నేహం గురించి ఏమీ తెలియదు. వాళ్ల ముందు ఉండేది అక్షరాలే.

వెటకారం చేసే నష్టాల్లో అన్నిటికంటే పెద్దది మాత్రం పైకి కనిపించదు. 'మీ స్పీడుకు జోహార్లు' అన్న మాటతో ఒకసారి నొచ్చుకున్నవాడు, ఆ తర్వాత అదే మనిషి నిజంగానే 'చాలా బాగా చేశారు' అని రాసినా నమ్మలేడు. ఇదీ ఎత్తిపొడుపేనేమో అని వెతుక్కుంటాడు. ఇలా ఒక్క వెటకారపు మెయిల్, ముందుముందు రాయబోయే మెచ్చుకోళ్ల విలువను కూడా తగ్గించేస్తుంది.

స్మైలీ ఎంతవరకు ఆదుకుంటుంది?

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ నోటీసు బోర్డు మీద ఒక భౌతికశాస్త్ర చమత్కారం నడుస్తోంది. తెగి పడుతున్న లిఫ్టులో పాదరసం చుక్క ఏమవుతుందన్నది ప్రశ్న. ఒకాయన సరదాగా, ప్రయోగం వల్ల ఒక లిఫ్టు పాదరసంతో కలుషితమైందని హెచ్చరిక రాశాడు. కొందరు నిజమే అనుకున్నారు. ఆ చర్చలోనే స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త సెప్టెంబర్ 19న ఒక సూచన చేశాడు. సరదాకి రాసినదాని పక్కన `:-)` అని గుర్తు పెడదామన్నాడు. ఇవాళ మన ఫోన్లలో ఉన్న నవ్వు బొమ్మలకు పూర్వీకుడు అదే.

పరిచయస్తుల మధ్య ఆ గుర్తు కొంత పనిచేస్తుంది. కానీ ఆఫీసు మెయిల్లో దానికి హద్దులున్నాయి. ఇజ్రాయెల్, నెదర్లాండ్స్ పరిశోధకులు 29 దేశాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో ప్రయోగాలు చేసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ముఖపరిచయం లేనివారి నుంచి వచ్చిన పని మెయిల్లో స్మైలీ ఉంటే, రాసినవారు ఆప్యాయులని ఎవరికీ అనిపించలేదు. పైగా పనిలో అంత సమర్థులు కారేమో అనిపించింది. అదే ఫొటోలో నవ్వుతూ కనిపించినవారి మీద మాత్రం మంచి అభిప్రాయమే కలిగింది. మనిషి నవ్వుకూ నవ్వు బొమ్మకూ అంత తేడా ఉంది.

కాబట్టి కొత్తవారికి రాసే మొదటి మెయిళ్లలో స్మైలీ మానేయడం మంచిది. అవతలివారు వాడటం మొదలుపెట్టాక, సందర్భం కూడా తేలికదైతే మనమూ వాడవచ్చు. తప్పు ఎత్తిచూపే వాక్యం చివర మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. అక్కడ అది దెబ్బను తగ్గించదు, దెబ్బకొట్టి నవ్వినట్టుంటుంది.

ఆ మెయిల్ మళ్లీ రాస్తే

మన టీం లీడ్ మనసులో ఆ సోమవారం నిజానికి మూడు విషయాలున్నాయి. రిపోర్టు వచ్చినందుకు ఊరట. ఆలస్యం వల్ల క్లయింట్ దగ్గర ఇబ్బంది పడ్డానన్న చిరాకు. పాత స్నేహితుడితో నొచ్చుకునేలా మాట్లాడకూడదన్న జంకు. చిరాకును సూటిగా చెప్పలేక జోకులో చుట్టి పంపాడు. వెటకారపు మెయిళ్లలో చాలావాటి పుట్టుక ఇదే. చెప్పడానికి మొహమాటపడిన విషయమే జోకు రూపంలో బయటికొస్తుంది. కాబట్టి జోకును నున్నగా చేస్తే చాలదు. ఆ మూడింటినీ విడదీసి దేనికది చెప్పాలి.

"నమస్తే అండీ. రిపోర్టు అందింది. మూడో పట్టికలో బ్రాంచీలవారీగా లెక్కలు విడదీసి ఇచ్చారు. క్లయింట్ పోయిన వారం అడిగిన ప్రశ్నకు అందులోనే జవాబు దొరికింది, థాంక్స్.

ఒక విషయం. శుక్రవారమే ఇస్తామని నేను వాళ్లకు చెప్పి ఉంచాను, అందుకని శనివారం సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. ఇకముందు ఆలస్యమయ్యేలా ఉంటే గురువారం మధ్యాహ్నానికల్లా నాకు ఒక మాట చెప్పండి, గడువు పెంచమని నేనే అడుగుతాను. ఈసారి డేటా అందడంలో ఏమైనా ఇబ్బంది వచ్చిందా? ఫోన్ చేయండి, మాట్లాడదాం."

ఈ మెయిల్లో జోకు లేదు. అయినా పాతదానికంటే ఇందులోనే ఆప్యాయత ఎక్కువ ఉంది, ఎందుకంటే అది గొంతు మీద ఆధారపడకుండా మాటల్లోనే ఉంది. మెచ్చుకోలు ఒక పట్టికను చూపించి చెప్పింది. 'గ్రేట్ జాబ్' అని రాస్తే వెటకారమేమోనన్న అనుమానానికి చోటుండేది. మూడో పట్టిక ఎందుకు పనికొచ్చిందో చెప్పాక ఆ అనుమానానికి తావు లేదు, ఆ మనిషి పనిని శ్రద్ధగా చదివారని కూడా తెలుస్తుంది. ఫిర్యాదులో స్వభావం గురించి ఒక్క మాటా లేదు, జరిగినది మాత్రమే ఉంది. తర్వాత ఏం చేయాలో రోజుతో, వేళతో సహా ఉంది. 'గడువు నేనే అడుగుతాను' అన్నప్పుడు బరువులో సగం తన మీద వేసుకున్నాడు. చివరి ప్రశ్న అడిగేసరికి, శనివారం రాత్రి వచ్చిన డేటా సంగతి, మానుకున్న పెళ్లి సంగతి బయటికొచ్చే దారి తెరుచుకుంది.

మరో మార్పు కూడా ఉంది, అది వాక్యాల్లో కనబడదు. సీసీలోంచి మేనేజరును తీసేశాడు. ఒక మనిషికి చెప్పవలసిన మాట మూడో మనిషి ముందు చెబితే, ఎంత మెత్తగా రాసినా అది ఫిర్యాదే అవుతుంది. మెచ్చుకోలుకు మాత్రం మేనేజరును సీసీలో పెట్టవచ్చు, పెట్టాలి కూడా. ఇంటి సంగతులు, ఆరోగ్యం, పిల్లల చదువు లాంటి పలకరింపులు మళ్లీ ఆ మనిషికి మాత్రమే వెళ్లే మెయిల్లో ఉండాలి. 'అమ్మగారికి ఇప్పుడెలా ఉంది' అన్న ప్రశ్న పదిమంది చదివే గొలుసులో అడిగితే, జవాబు చెప్పేవారికి ఇబ్బంది.

పంపే ముందు రెండు పరీక్షలు

హాస్యమే వద్దని ఎవరూ అనరు. నవ్వు లేని ఆఫీసులో పని బరువెక్కుతుంది. మెయిల్లో ఏ నవ్వు నిలబడుతుందో, ఏది నిలబడదో తేల్చుకోవడానికి మాత్రం రెండు పరీక్షలు పనికొస్తాయి.

మొదటిది, క్రూగర్, ఎప్లీ బృందం ప్రయోగాల్లోంచే వచ్చింది. రాసినదాన్ని మీరు అనుకున్న స్వరంలో కాకుండా, దానికి విరుద్ధమైన స్వరంలో పైకి చదవాలి. వెటకారంగా రాసినదాన్ని గంభీరంగా, గంభీరంగా రాసినదాన్ని వెటకారంగా చదవాలి. ఇలా చదివినవారిలో 'నా ఉద్దేశం ఎలాగూ తెలుస్తుంది' అన్న అతినమ్మకం తగ్గింది. మీ తలలో మోగుతున్న పాటను కాసేపు ఆపడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. 'ఇంత తొందరేముంది' అన్న వాక్యాన్ని కోపంగా ఉన్న పై అధికారి గొంతుతో ఒకసారి పైకి చదివి ఉంటే, టీం లీడ్ ఆ మెయిల్ పంపేవాడు కాదు.

రెండోది, ఆ వాక్యాన్ని అక్షరాలా నమ్మితే ఏమవుతుందో చూసుకోవాలి. పాదరసం లిఫ్టు దగ్గర జరిగింది అదే. 'సర్వర్ పోయింది, ఇక అందరూ ఇళ్లకు వెళ్లొచ్చు' అని పాతవాళ్లు నవ్వుకోవడానికి రాస్తే, నిన్న చేరిన అమ్మాయి నిజంగానే బ్యాగు సర్దుకోవచ్చు. అక్షరాలా నమ్మినా ఎవరికీ పని చెడకూడదు, ఎవరూ చిన్నబోకూడదు, ఆ వాక్యం తీసేసినా మెయిల్లోని సమాచారం పూర్తిగా ఉండాలి. ఈ మూడూ కుదిరితే ఆ సరదా ఉండనివ్వవచ్చు. అందరూ కలిసి పడుతున్న కష్టం మీద, అంటే ఆగిపోయిన ఏసీ మీదో, ముగియని మీటింగ్ మీదో వేసే చమత్కారాలు సాధారణంగా నిలబడతాయి. ఒక మనిషి వేగం మీద, ఉచ్చారణ మీద, ఊరి మీద వేసేవి నిలబడవు. అలాంటి చనువు నిజంగా ఉంటే ఫోన్ తీయండి. గొంతు వినబడుతుంది, అవతలి నవ్వు మీకూ వినబడుతుంది.

అప్పటికే పంపేసి ఉంటే

అవతలివారు నొచ్చుకున్నారని ఎలా తెలుస్తుంది? 'నేను మీకు బాధ కలిగింది' అని ఎవరూ రాయరు. జవాబులు పొడిపొడిగా మారతాయి. పేరు పెట్టి పలకరించే మనిషి 'నోటెడ్' అని ఒక్క మాట రాస్తాడు. ఎప్పుడూ లేనిది సీసీలో కొత్త పేర్లు చేరతాయి. 'యాజ్ పర్ మై మెయిల్' అంటూ తేదీలతో సహా రుజువులు పేర్చడం మొదలవుతుంది. తనను తాను కాపాడుకోవాలనుకునే మనిషి రాసే మెయిల్ అలా ఉంటుంది.

అప్పుడు జోకును వివరిస్తూ మరో మెయిల్ రాయకూడదు. అదే గొంతు లేని దారిలో రెండోసారి వెళ్లడమవుతుంది, 'అంత సున్నితమైతే ఎలా' అన్న ఎత్తిపొడుపుగా కూడా వినబడవచ్చు. ఆ రోజే ఫోన్ చేసి, "పొద్దున నేను రాసింది చనువు కొద్దీ రాశాను. సీసీలో సార్ ఉండగా అలా రాయకుండా ఉండాల్సింది, సారీ" అంటే సరిపోతుంది. 'నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు' అన్న మాట రానివ్వకూడదు. చదివినవాడి ముందు ఉన్నది అక్షరాలే. అతను వాటినే చదివాడు.

ఫోన్ పెట్టేశాక ఇంకో పని మిగిలి ఉంటుంది, చాలామంది మరిచేది దాన్నే. ఇద్దరి మధ్య సర్దుకుంది కానీ, మేనేజరు మనసులో మొదటి మెయిల్ అలాగే ఉంది. అందుకే అదే గొలుసులో, అదే సీసీతో, ఒక మామూలు వాక్యం రాయాలి. "డేటా శనివారం రాత్రి అందినా, ఆదివారం కూర్చుని రిపోర్టు పూర్తిచేశారు. నా పొద్దుటి మాట సరైనది కాదు." ఇకమీదట ఆ గొలుసును ఎవరు తెరిచినా, ఎత్తిపొడుపు కిందనే అసలు జరిగిందేమిటో కూడా రాసి ఉంటుంది.